మినిట్స్ సంతకం అయిపోయాక రఫ్ నోట్సూ, మీటింగ్ రికార్డింగూ తీసేయొచ్చా?

కావ్య_సీఎస్ · మంగళవారం ఉదయం 10:12

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో కంపెనీ సెక్రటరీగా చేస్తున్నా, చేరి రెండేళ్ళయింది. మా బోర్డులో ఐదుగురు డైరెక్టర్లు, ఒకాయన సింగపూర్‌లో ఉంటారు కాబట్టి టీమ్స్‌లో కలుస్తారు, మిగతా నలుగురూ ఆఫీసుకే వస్తారు. ఆగస్టు 12న జరిగిన మీటింగ్ మినిట్స్ నవంబర్ 14 మీటింగ్‌లో చైర్మన్ గారు సంతకం పెట్టేశారు. నిన్న ఫోన్ చేసి "సంతకం అయిపోయింది కదమ్మా, ఇంకా ఆ రికార్డింగ్ ఎందుకు, నీ నోట్‌బుక్‌లో పేజీలు కూడా చింపేయ్, మినిట్సే ఫైనల్" అన్నారు. నా దగ్గర ఆ రోజువి 14 పేజీల రఫ్ నోట్స్ ఉన్నాయి, నా గీతలు నాకే అర్థమవుతాయి అది వేరే విషయం. తీసేస్తే తప్పా, ఉంచితే తప్పా? మీ కంపెనీల్లో ఏం చేస్తారు?

ఆడిటర్_సుబ్బు · 10:40

తీసేయకండి. కంపెనీ రికార్డులు ఏవైనా 8 ఏళ్ళు ఉంచాలి, చట్టంలోనే ఉంది. మా క్లయింట్లందరికీ ఇదే చెప్తా.

బెజవాడ_రమణ · 10:55

మాది అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అండి, 48 ఫ్లాట్లు. జనరల్ బాడీ మీటింగ్ నేను ఫోన్‌లో రికార్డ్ చేశా, ఇప్పుడు మూడో ఫ్లోర్ ఆయన ఆ ఆడియో కావాలని లెటర్ ఇచ్చాడు. నేను 8 ఏళ్ళు ఉంచాలా? నా ఫోన్‌లో స్టోరేజే లేదు.

పాతకాపు · 11:30

సుబ్బు గారూ, ఆ 8 ఏళ్ళు అకౌంట్స్ పుస్తకాలకండి. సెక్రటేరియల్ స్టాండర్డ్ ఎస్ఎస్-1లో కూడా నోటీసులకీ, అజెండాకీ, నోట్స్ ఆన్ అజెండాకీ, అటెండెన్స్ రిజిస్టర్‌కీ 8 ఫైనాన్షియల్ ఇయర్స్ అని ఉంది. నోట్స్ ఆన్ అజెండా అంటే మీటింగ్‌కి ముందు పంపే వివరణ కాగితాలు, సెక్రటరీ పక్కన కూర్చుని గీసుకున్న గీతలు కాదు. చాలామంది ఆ "నోట్స్" అన్న మాట చూసి ఇక్కడే పప్పులో కాలేస్తారు. మినిట్స్ పుస్తకం మాత్రం శాశ్వతం.

కావ్యమ్మా, నువ్వు రెండు వేర్వేరు వస్తువుల్ని ఒకే మూటలో కట్టావు, విడదీసి చూడాలి.

రికార్డింగ్ సంగతి ముందు. మీ సింగపూర్ ఆయన వీడియోలో కలిశారు కాబట్టి 2014 నాటి బోర్డు మీటింగుల రూల్స్‌లో రూల్ 3 వర్తిస్తుంది. దాని ప్రకారం ఆ రికార్డింగుని కంపెనీ రికార్డుల్లో భాగంగా గుర్తు వేసి, కనీసం ఆ సంవత్సరం ఆడిట్ పూర్తయ్యేదాకా భద్రంగా ఉంచే బాధ్యత చైర్మన్‌దీ, సెక్రటరీదీ. అంటే మీ చైర్మన్ గారిది కూడా, ఆ మాట ఆయనకి మెత్తగా గుర్తుచెయ్. మినిట్స్ సంతకానికీ ఈ గడువుకీ సంబంధమే లేదు. మీ మీటింగ్ ఆగస్టు 12, అంటే 2025-26 సంవత్సరం, అది ముగిసేది మార్చి 31న. ఆడిటర్ రిపోర్ట్ సంతకం ఏ ఆగస్టులోనో అవుతుంది. అందాకా నువ్వు దాన్ని ముట్టుకోకూడదు.

రఫ్ నోట్స్ విషయం వేరు. అవి ఇన్నాళ్ళు ఉంచు అని చెప్పే రూలేదీ లేదు. మినిట్స్ పుస్తకంలో ఎక్కి, సంతకమై, ఎవరూ గొడవ పెట్టకపోతే తీసేయడమే మంచి అలవాటు. అలవాటు అన్నది గమనించు, ఒక్కసారి చేసే పని కాదు.

ఆడిటర్_సుబ్బు · 11:48

ఓకే సార్, అకౌంట్స్‌తో కలిపేసుకున్నా. కానీ ఆడిట్ పూర్తవడం అంటే రిపోర్ట్ సంతకమా, ఏజీఎంలో అకౌంట్స్ ఆమోదించడమా? మాలో మాకే రెండు రకాలుగా చెప్తారు.

పాతకాపు · 11:55

రూల్‌లో అంత విడమరిచి లేదు. నేనైతే ఏజీఎం అయ్యేదాకా ఆపేవాణ్ణి, నెలా రెండు నెలలు ఎక్కువ ఉంచితే పోయేదేం లేదు.

ఐటీ_శివ · 12:20

అక్కా ఒక్క నిమిషం, ఉంచాలా తీసేయాలా అని మీరంతా మాట్లాడుకుంటున్నారు గానీ అసలు ఆ ఫైల్ ఇంకా ఉందో లేదో చూశారా? టీమ్స్ రికార్డింగులకి డీఫాల్ట్‌గా 120 రోజుల ఎక్స్‌పైరీ ఉంటుంది, మీ అడ్మిన్ మార్చకపోతే అదే నడుస్తుంది. ఆగస్టు 12 నుంచి 120 రోజులంటే డిసెంబర్ 10. ఈరోజు జనవరి 20. ఎవరూ డిలీట్ కొట్టకుండానే పోయి ఉంటుంది, ఇలాంటివి మా దగ్గరికి నెలకి రెండు మూడు టికెట్లు వస్తాయి.

కావ్య_సీఎస్ · 12:58

శివా 😱 చూశా, లేదు!! వన్‌డ్రైవ్‌లో రికార్డింగ్స్ ఫోల్డర్‌లో నవంబర్‌ది మాత్రమే ఉంది. ఆగస్టుది చాట్‌లో లింక్ కొడితే ఫైల్ దొరకలేదు అంటోంది. చేతులు వణుకుతున్నాయి.

ఐటీ_శివ · 13:04

కంగారు పడకండి. ఎక్స్‌పైర్ అయినవి రీసైకిల్ బిన్‌లోకి వెళ్తాయి, అక్కడ మూడు నెలల దాకా ఉంటాయి. మార్చి సగం దాటాక అడిగుంటే నేనేం చేయలేకపోయేవాణ్ణేమో. వన్‌డ్రైవ్ వెబ్‌లో ఎడమ పక్క రీసైకిల్ బిన్ తెరిచి రీస్టోర్ కొట్టండి. బిన్‌లోంచి తెచ్చాక ఎక్స్‌పైరీ డేట్ దానంతటదే పోతుంది, అయినా మొదటి పని, ఫైల్ వివరాల్లో అది లేదని ఒకసారి చూసుకోండి. రెండోది, మీ పర్సనల్ వన్‌డ్రైవ్‌లో కాకుండా కంపెనీ షేర్‌పాయింట్‌లో సెక్రటేరియల్ ఫోల్డర్‌కి ఒక కాపీ పంపండి. రేపు మీరు ఉద్యోగం మారితే మీ అకౌంట్‌తో పాటు వన్‌డ్రైవ్ కూడా కొన్నాళ్ళకి పోతుంది, అప్పుడు మీ తర్వాత వచ్చే సెక్రటరీ మిమ్మల్ని తిట్టుకుంటారు.

కావ్య_సీఎస్ · 13:31

వచ్చేసింది!! 2 గంటల 10 నిమిషాలు, మొత్తం ప్లే అవుతోంది. శివా నీకు బిర్యానీ బాకీ.

ఇప్పుడు అసలు సంగతి ఒకటి చెప్పాలి, మొదట్లో రాయలేదు ఎందుకంటే దీనికి సంబంధం లేదనుకున్నా. ఆ మీటింగ్‌లో ఒక గోడౌన్ లీజు ఐటం ఉంది, గోడౌన్ మా ఎండీ గారి బంధువులది. సింగపూర్ డైరెక్టర్ అద్దె ఎక్కువని, వేరే కొటేషన్లు ఎందుకు తీసుకోలేదని గట్టిగానే అడిగారు, పది నిమిషాలు నడిచింది. చివర్లో చైర్మన్ "సరే అందరూ ఓకే కదా" అన్నారు, ఎవరూ ఏం అనలేదు, మినిట్స్‌లో "చర్చించిన మీదట ఆమోదించారు" అని రాశా. డ్రాఫ్ట్ ఆగస్టు 25న అందరికీ మెయిల్ చేశా, ఏడు రోజుల్లో ఎవరూ కామెంట్ పెట్టలేదు, సెప్టెంబర్ 9న పుస్తకంలో ఎక్కించా. రెండు వారాల కింద ఆయన నుంచి మెయిల్ వచ్చింది, "నేను ఆ లీజుకి ఒప్పుకోలేదు, అది మినిట్స్‌లో లేదు, ఆ రోజు రికార్డింగ్ ఉంది కదా" అని. చైర్మన్‌కి ఫార్వర్డ్ చేశా. నిన్నటి ఫోన్ దాని తర్వాతే.

పాతకాపు · 13:50

ఇది మొదటే చెప్పాల్సిందమ్మా. ఇప్పుడు నా జవాబు సగం మారిపోయింది.

రికార్డింగే కాదు, ఆ 14 పేజీలు కూడా ఇప్పుడు ముట్టుకోకు. పొద్దున నేను చెప్పిన తీసేసే అలవాటు గొడవ లేనప్పటి మాట. ఒక డైరెక్టర్ రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టాక, ఆ మెయిల్ నీ ఇన్‌బాక్స్‌లో తేదీతో సహా కూర్చున్నాక, ఆ ఒక్క మీటింగ్ కాగితాలే మాయమైతే అది అలవాటు అని ఎవరూ నమ్మరు.

నాకు జరిగిందే చెప్తా, కంపెనీ పేరు వద్దు. అన్నదమ్ముల కంపెనీ, ఇద్దరూ విడిపోయి కేసు ట్రిబ్యునల్ దాకా పోయింది. అప్పట్లో నేను ఎర్ర మార్జిన్ ఉన్న షార్ట్‌హ్యాండ్ పాడ్‌లు వాడేవాణ్ణి, చింపేసే బద్ధకంతో ఆరేళ్ళవి బీరువాలో పేర్చి ఉన్నాయి. గొడవంతా ఒక షేర్ల కేటాయింపు మీటింగ్ మీద. పెద్దాయన మనిషి వచ్చి ఆ ఒక్క పాడ్ పట్టుకుపోయాడు, నేను అడగలేదు, వయసు చిన్నది, భయం. అవతలి లాయర్ నన్ను అడిగింది ఒక్కటే ప్రశ్న: "ఆరేళ్ళవి ఉన్నాయి, ఇదొక్కటీ ఎందుకు లేదు?" నా దగ్గర జవాబు లేదు. నిజానికి ఆ పాడ్‌లో పెద్దాయనకి వ్యతిరేకంగా ఏమీ లేదు, నేను రాసినవాణ్ణి కదా నాకు తెలుసు. ఉంటే మాకే పనికొచ్చేది. లేకపోయేసరికి అందులో ఏదో ఉందనే అందరూ అనుకున్నారు.

లా_చదివినోడు · 14:25

పాతకాపు గారు అనుభవం చెప్పారు, నేను సెక్షన్లు చెప్తా, అవి గుర్తుంటే చైర్మన్‌తో మాట్లాడటం ఈజీ.

చేతిలో ఉన్న సాక్ష్యం చూపించకపోతే అది వాళ్ళకి వ్యతిరేకంగా ఉండేదని కోర్టు ఊహించుకోవచ్చు. పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో 114, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 119. పాడ్ కథలో జరిగింది అదే. దానికంటే పెద్దది భారతీయ న్యాయ సంహిత 241, కోర్టు ముందుకి తేవాల్సి వచ్చే డాక్యుమెంట్ గానీ ఎలక్ట్రానిక్ రికార్డ్ గానీ అక్కడికి రాకుండా చెయ్యాలనే ఉద్దేశంతో నాశనం చేస్తే మూడేళ్ళ దాకా జైలు. ఇక ఇన్‌స్పెక్షనో ఇన్వెస్టిగేషనో మొదలయ్యాక చేస్తే కంపెనీల చట్టం 229 కింద ఫ్రాడ్ శిక్షే పడుతుంది. చైర్మన్ నోటిమాటగా చెప్పారు, డిలీట్ కొట్టేది మీ లాగిన్. అది మర్చిపోకండి కావ్య గారూ.

ఇంకోటి, మినిట్సే ఫైనల్ అన్నారు కదా ఆయన. సెక్షన్ 118 ప్రకారం మినిట్స్ సాక్ష్యమే, సరిగ్గా రాసి ఉంటే మీటింగ్ సక్రమంగా జరిగిందని భావిస్తారు, కానీ "విరుద్ధంగా రుజువయ్యే వరకు" అనే మాట అందులోనే ఉంది. ఆ రుజువు ఎక్కడినుంచి వస్తుంది? మీ రికార్డింగ్ లాంటి వాటినుంచే. అందుకే కొందరు దాన్ని త్వరగా వదిలించుకోవాలనుకుంటారు.

ఆడిటర్_సుబ్బు · 14:40

మరి ఉంచడమే సేఫ్ అయితే అన్నీ ఉంచేస్తే పోలా? ఈరోజుల్లో స్టోరేజ్ ఎంత, టీ ఖర్చు.

పాతకాపు · 15:05

స్టోరేజ్ కాదండీ సమస్య. కావ్యమ్మా, లీజు ఐటం దగ్గర నీ నోట్‌బుక్‌లో ఏం రాసుకున్నావో ఇక్కడ పెడతావా? ఇబ్బందైతే వద్దు.

కావ్య_సీఎస్ · 15:22

నవ్వకండి. ఎస్ సార్ అంటే సింగపూర్ సార్, సీహెచ్ అంటే చైర్మన్. ఇలా ఉంది: "గోడౌన్ – ఎస్ సార్ ఫైర్. రేటు?? 3 కోట్లు కాదు కొటేషన్లు 3. ఎండీ మొహం మాడింది. సీహెచ్: ఓకే కదా. – (సైలెన్స్) – ఓకే"

పాతకాపు · 15:40

చూశారా సుబ్బు గారూ. ఆ చివరి "ఓకే" ఎవరిది? కావ్య అక్కడ ఐటం అయిపోయిందని తన కోసం రాసుకుంది, నాకు తెలుసు, మేమూ అలాగే రాసేవాళ్ళం. కానీ ఒక లాయర్ చేతిలో పడితే ఎస్ సార్ ఓకే అన్నారని ఒకరు, నిశ్శబ్దం అని స్పష్టంగా ఉంది కాబట్టి ఒప్పుకోలేదని ఇంకొకరు వాదిస్తారు. "మొహం మాడింది" అన్నది పది మంది ముందు చదివితే ఎండీ గారికీ నీకూ ఇద్దరికీ తలవంపులే. "3 కోట్లు కాదు" అన్న తప్పుదిద్దుబాటు మీద అరగంట క్రాస్ చేస్తారు, ముందు 3 కోట్లు అని ఎందుకు అనుకున్నావని. కంపెనీల చట్టంలో బుక్ అండ్ పేపర్ అన్న మాటకి అర్థం చాలా వెడల్పు, రాతలూ డాక్యుమెంట్లూ అన్నీ అందులోకే వస్తాయి, ఇన్‌స్పెక్టర్ అడిగితే ఉన్నది ఇవ్వాల్సిందే. అన్ని మీటింగులవీ ఏళ్ళ తరబడి దాచారంటే ప్రతి మీటింగుకీ రెండో మినిట్స్ పుస్తకం ఒకటి, ఎవరూ సరిచూడనిది, తయారైనట్టే. అందుకే గొడవ లేని మీటింగువి తీసేయమంటా.

డల్లాస్_రఘు · 20:10

లేటుగా చూశా, ఇక్కడ పొద్దున. మా టెక్సస్‌లో సిటీ కౌన్సిళ్ళ లాంటి వాటికి దీనికి రాష్ట్రం వాళ్ళ షెడ్యూలే ఉంది. ఓపెన్ మీటింగ్‌కి మినిట్స్ రాస్తే, ఆ ఆడియో అయినా చేతిరాత నోట్స్ అయినా మినిట్స్ అప్రూవ్ అయిన 90 రోజులకి తీసేయొచ్చు. క్లోజ్డ్ మీటింగ్ రికార్డింగ్ అయితే రెండేళ్ళు, మధ్యలో కేసు పడితే అది తేలేదాకా. మీకూ ఇలా 90 రోజులు పెట్టుకోవచ్చుగా?

లా_చదివినోడు · 20:32

రఘు అన్నా అది గవర్నమెంట్ బాడీలకి, ఇది ప్రైవేట్ కంపెనీ. వీడియో రికార్డింగుకి 90 రోజులు పెడితే రూల్ 3 తప్పినట్టే. కానీ మీరు చెప్పినదాంట్లో నాకు నచ్చింది ఏంటంటే తేదీ ముందే రాసి ఉంది, ఫలానా మీటింగ్‌లో ఫలానా ఆయన ఏమన్నాడో చూసి ఎవరూ నిర్ణయించడం లేదు. కావ్య గారి రఫ్ నోట్స్‌కి అలాంటిది ఒకటి బోర్డు చేత పాస్ చేయించుకోవచ్చు.

పాతకాపు · 21:00

నేను రిటైర్ అయ్యే ముందు మా కంపెనీలో పెట్టించింది చెప్తా, నాలుగు లైన్లే. సెక్రటరీ రఫ్ నోట్స్ మినిట్స్ సంతకమైన 30 రోజులకి నాశనం. వీడియో రికార్డింగ్, దాని ట్రాన్స్‌క్రిప్ట్ ఆ ఏడాది ఏజీఎం అయిన 30 రోజులకి. ఏ డైరెక్టరైనా, ఆడిటరైనా, షేర్‌హోల్డరైనా ఆ మీటింగ్ మీద రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టినా, నోటీసు వచ్చినా, వచ్చేలా ఉందని తెలిసినా ఆ మీటింగువి ఏవీ ముట్టకూడదు, మళ్ళీ బోర్డు చెప్పేదాకా. తీసేసినప్పుడల్లా ఒక రిజిస్టర్‌లో మీటింగ్ నంబర్, ఏం తీసేశారు, ఏ తేదీ, ఎక్కడెక్కడినుంచి అని సంతకంతో రాయాలి. ఆ రిజిస్టర్ నన్ను రెండుసార్లు కాపాడింది, అడిగినప్పుడు చూపిస్తే ఇంక ప్రశ్నలు రాలేదు.

ఐటీ_శివ · 21:15

"ఎక్కడెక్కడినుంచి" అన్నది గట్టిగా పట్టుకోండి. ఒక మీటింగ్ అంటే వీడియో ఒకటే కాదు, టీమ్స్ ట్రాన్స్‌క్రిప్ట్ విడిగా ఉంటుంది, చాట్ విడిగా ఉంటుంది, ఎవరో డౌన్‌లోడ్ చేసి వాట్సాప్‌లో పంపుకుని ఉంటారు, రీసైకిల్ బిన్‌లో మూడు నెలలు ఉంటుందని ఈరోజే చూశాం కదా. రిజిస్టర్‌లో తీసేశామని రాసి, ఆర్నెల్లకి ఎవరి ఫోన్‌లోనో బయటపడితే ఇంకా దరిద్రం.

అక్కా ఇప్పుడు ఆ ఫైల్ హాష్ తీసి పెట్టుకోండి, అది ఫైల్‌కి వేలిముద్ర లాంటిది. కమాండ్ ప్రాంప్ట్‌లో ఫైల్ ఉన్న ఫోల్డర్‌కి వెళ్ళి

```
certutil -hashfile BM_2025-08-12.mp4 SHA256
```

వచ్చిన పొడుగు నంబర్‌ని తేదీతో చైర్మన్‌కి మెయిల్ చేసేయండి. రేపు ఎవరైనా క్లిప్ కట్ చేశారంటే ఇదే ఫైల్ అని చూపించొచ్చు.

లా_చదివినోడు · 21:24

కరెక్ట్, సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్‌లో హాష్ విలువ అడుగుతారు.

కావ్య_సీఎస్ · బుధవారం ఉదయం 9:45

చైర్మన్ గారితో మాట్లాడా. మొదట కోప్పడ్డారు, "నేను దాచమన్నానా" అని. రూల్ 3లో ఆయన పేరు కూడా ఉందని చెప్పాక కాసేపు మాట్లాడలేదు, తర్వాత "సరే ఉండనీ" అన్నారు. దాన్నే మెయిల్‌లో రాసి కన్ఫర్మ్ చేయమని అడిగా, ఇంకా రిప్లై లేదు. నోట్‌బుక్ పేజీలు చింపలేదు, మొత్తం నోట్‌బుకే కవర్‌లో పెట్టి సీల్ చేసి తేదీ వేశా. కొత్త నోట్‌బుక్ కొన్నా, అందులో మొహాలు మాడవు 😅

ఒక డౌట్ మిగిలింది. సింగపూర్ సార్ రికార్డింగ్ కాపీ పంపమంటున్నారు, ఇవ్వాలా? అలాగే మినిట్స్‌లో ఆయన వ్యతిరేకత చేర్చేయనా?

పాతకాపు · 10:20

చేర్చకు! పుస్తకంలో ఎక్కాక దిద్దడానికి నీకు అధికారం లేదు, తర్వాతి బోర్డు మీటింగ్‌లో స్పష్టంగా ఆమోదిస్తేనే మార్పు. నువ్వు మంచి మనసుతో దిద్దినా అది ట్యాంపరింగే, 118లో దానికి రెండేళ్ళ దాకా జైలు, పాతిక వేల నుంచి లక్ష దాకా జరిమానా. ఆయన మెయిల్‌ని తర్వాతి అజెండాలో పెట్టు. అక్కడ రికార్డింగ్ వినిపించి తేల్చుకుంటారు. ఆయన నిజంగా "ఒప్పుకోను" అన్నారా, ప్రశ్నలు అడిగి ఊరుకున్నారా అన్నది వింటే తెలుస్తుంది, రెండూ ఒకటి కాదు. పైగా డ్రాఫ్ట్ వచ్చినప్పుడు ఏడు రోజుల్లో ఆయన నోరు మెదపలేదు, అది కూడా రికార్డులో ఉంది.

కాపీ ఇవ్వొద్దు, ఆఫీసులో వినమను.

లా_చదివినోడు · 10:41

ఇక్కడ నేను ఒప్పుకోను సార్. ఆయన డైరెక్టర్, ఆ మీటింగ్‌లో కూర్చున్న మనిషి, కంపెనీ రికార్డ్ అని రూలే అంటోంది, ఏ కారణంతో కాదంటాం? సింగపూర్ నుంచి ఆఫీసుకొచ్చి వినమంటే ఇవ్వనని చెప్పినట్టే.

పాతకాపు · 10:58

వినే హక్కు వేరు, కాపీ పట్టుకెళ్ళే హక్కు వేరు. మినిట్స్ కాపీ గురించి స్టాండర్డ్‌లో రాసి ఉంది, రికార్డింగ్ గురించి ఎక్కడ రాసి ఉందో చూపించు, ఒప్పుకుంటా. స్క్రీన్ షేర్ చేసి వినిపించొచ్చు కదా.

లా_చదివినోడు · 11:06

ఇవ్వకూడదని కూడా రాసి లేదు సార్.

బెజవాడ_రమణ · 11:30

అందరూ కంపెనీల గురించే మాట్లాడుతున్నారు, నా మూడో ఫ్లోర్ ఆయన సంగతి ఎవరైనా చెప్పండి. నిన్న మళ్ళీ లిఫ్ట్‌లో కనబడి అడిగాడు.

పాతకాపు · 11:42

రమణ గారూ, మీకు ఈ రూల్ 3, 8 ఏళ్ళు ఏవీ వర్తించవు, మీ సొసైటీ బైలాస్ చూసుకోండి. కానీ లెటర్ చేతికొచ్చాక ఆడియో తీసేయకండి, కంప్యూటర్‌లో కాపీ చేసి ఫోన్ ఖాళీ చేసుకోండి. ఇంతకీ మీటింగ్‌లో ఏమైంది?

బెజవాడ_రమణ · 11:50

పార్కింగ్ అండి. ఆడియోలో నేనే ఆయన్ని రెండు మాటలన్నా. అందుకే తీసేద్దామనుకున్నా.